కలం కొడితే కాలం

ఇంట్లో సొంతంగా కీబోర్డు తయారుచేసుకున్న వ్యక్తి లేఖినిలో తెలుగు టైపు చేస్తున్నాడనుకుందాం. "కలం" అని రావాలంటే `kalaM` కొట్టాలి. కొట్టాడు. తెర మీద మాత్రం `kaalaM` పడింది, కలం కాస్తా కాలమైపోయింది. వేలు ఆ కీని నొక్కింది ఒక్కసారే. రెండు మాటలూ తెలుగులో ఉన్నవే కాబట్టి తప్పులు పట్టే ప్రోగ్రాము కూడా దీన్ని పట్టుకోలేదు. చదివేవాడు వాక్యం అర్థం కాక ఆగినప్పుడుగానీ బయటపడదు.

ఇది టైపు చేసే చేతి తప్పు కాదు, కంప్యూటరు తప్పూ కాదు. కీ కింద ఉన్న స్విచ్చిలో రెండు లోహపు ముక్కలు కలిసేటప్పుడో విడిపోయేటప్పుడో ఒక్కసారితో ఊరుకోలేదు. కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి. కీబోర్డులోని చిన్న మైక్రోకంట్రోలరు ఆ అలజడిని చూసి, రెండుసార్లు నొక్కారని నమ్మింది. కీబోర్డులు కట్టేవాళ్లు ఈ కొట్టుకోవడాన్ని "బౌన్స్" అంటారు. అది శ్రుతిమించి టైపింగును పాడుచేసే దశకు వస్తే "చాటర్" అంటారు. దాన్ని ఫర్మ్‌వేర్‌లో వడకట్టే పని పేరు "డిబౌన్స్".

స్టీలు గిన్నె మూత చేయి జారి గచ్చు మీద పడితే వచ్చే చప్పుడు గుర్తుచేసుకోండి. ఠంగ్‌మని ఒకసారి మోగి ఆగదు. ముందు పెద్ద ఎగురు, తర్వాత చిన్న ఎగురు, ఆఖర్న గడగడలాడుతూ చప్పుళ్లు దగ్గరపడి అణిగిపోతుంది. స్విచ్చిలో జరిగేది కూడా అదే. కాకపోతే అక్కడ కదిలేది వెంట్రుకలా పలచనైన రేకు, తతంగమంతా ముగిసేది సెకనులో వెయ్యో వంతు రెండు మూడింటిలో.

సొంత కీబోర్డులు కట్టేవారిలో ఎక్కువమంది వాడేది చెర్రీ ఎంఎక్స్ స్విచ్చి, లేకపోతే దాన్ని చూసి చేసినవి. దాని లోపల రెండు లోహపు రేకులుంటాయి. ఒకటి కదలనిది, రెండోది స్ప్రింగులా వంగేది. రెండూ కలిసేచోట బంగారు పూత ఉన్న చిన్న మొనలుంటాయి. కీ పైకి ఉన్నంతసేపూ, కీ కింద ఉండే ప్లాస్టిక్ కాడ తన కాలితో వంగే రేకును దూరంగా నెట్టి పట్టుకుంటుంది. కీ సుమారు రెండు మిల్లీమీటర్లు కిందికి దిగేసరికి ఆ కాలు తప్పుకుంటుంది. రేకు తన బిగువుతో తానే వెళ్లి రెండోదానికి తగులుతుంది. అంటే కాంటాక్టును కలిపేది మన వేలి బలం కాదు, రేకులోని బిగువే. అందుకే చాటర్ ఉన్న కీని గట్టిగా కొట్టినంత మాత్రాన అది బాగుపడదు. నెమ్మదిగా నొక్కితే ఒక్కోసారి ఇంకా ఎక్కువవుతుంది కూడా, ఎందుకంటే ప్లాస్టిక్ కాలు పూర్తిగా తప్పుకోకముందు రేకు మొన పైపైన ఆనీ ఆననట్టు ఉండే ఘడియ అప్పుడు సాగుతుంది.

ఈ కొట్టుకోవడం ఎంతసేపు ఉంటుంది? అమెరికాకు చెందిన ఎంబెడెడ్ ఇంజనీరు జాక్ గాన్సిల్ దీన్ని ఓపికగా కొలిచారు. రకరకాల స్విచ్చులు 18 తీసుకుని, ఒక్కొక్కదాన్ని 300 సార్లు నొక్కి చూశారు. మరీ చెడుగా ప్రవర్తించిన రెండింటిని పక్కనపెడితే, మిగతావి సగటున 1,557 మైక్రోసెకన్లు కొట్టుకున్నాయి. అంటే ఒకటిన్నర మిల్లీసెకన్ల పైచిలుకు. వాటిలో అత్యధికం 6,200 మైక్రోసెకన్లు. పక్కనపెట్టినవాటిలో ఒకటైతే 157 మిల్లీసెకన్ల దాకా వెళ్లింది. అవన్నీ కీబోర్డు స్విచ్చులు కావు. అయినా ఆ కొలతలు చెప్పే సంగతి ముఖ్యమైనది: స్విచ్చిని చూసి దాని బౌన్సును ఊహించలేం, కొలిచి చూడాల్సిందే.

మనిషికి ఒకటిన్నర మిల్లీసెకను లెక్కలోకి రాదు. మైక్రోకంట్రోలరుకు అది చాలా పొడవైన కాలం. ఇంటి కీబోర్డుల్లో ఏళ్లుగా వాడుతున్న ప్రో మైక్రో బోర్డులో ఏటిమెగా32యు4 అనే చిప్పు ఉంటుంది. దాని గడియారం 16 మెగాహెర్ట్జ్, అంటే ఒక మిల్లీసెకనులో 16,000 టిక్కులు. స్విచ్చి కొట్టుకుంటున్నప్పుడు ఆ చిప్పు ప్రతి ఎగురునూ చూడగలదు.

ఎలా చూస్తుందో కూడా చెప్పుకోవాలి. అరవై కీలకు అరవై తీగలు లాగడానికి చిప్పుకు అన్ని కాళ్లుండవు. అందుకని కీలను 5 వరసలు, 12 నిలువులుగా అల్లుతారు. 60 కీలకు 17 కాళ్లతో సరిపోతుంది. ప్రతి కీ దగ్గరా 1ఎన్4148 అనే చిన్న డయోడు పెడతారు, కరెంటు వెనక్కి మళ్లి నొక్కని కీని నొక్కినట్టు చూపకుండా. ఫర్మ్‌వేర్ వరసలను ఒకదాని తర్వాత ఒకటి లేపుతూ, ఏ నిలువులో ఏం కనబడుతోందో చదువుతుంది. సెకనుకు వెయ్యికి పైగా సార్లు ఈ గస్తీ తిరుగుతుంది. ఉదాహరణకు అర మిల్లీసెకనుకోసారి చూస్తోందనుకుందాం. కొత్తగా నొక్కిన కీ దగ్గర మొదటి చూపుకు "కలిసింది", రెండో చూపుకు "విడిపోయింది", మూడో చూపుకు "కలిసింది", ఆపైన అన్నిసార్లూ "కలిసింది" అని కనబడవచ్చు. చూసింది చూసినట్టు కంప్యూటరుకు చెప్పేస్తే ఒక నొక్కుకు రెండు అక్షరాలు.

కాబట్టి అసలు ప్రశ్న, చూసినదాన్ని ఎప్పుడు నమ్మాలి అన్నది. దానికి రెండు దారులున్నాయి.

మొదటిది, ఆగి నమ్మడం. కీ స్థితి మారినట్టు కనబడగానే గడియారం మొదలుపెట్టాలి. నిర్ణీత సమయం పాటు ఇక మారకుండా నిలకడగా ఉంటేనే కంప్యూటరుకు చెప్పాలి. మధ్యలో మళ్లీ మారితే గడియారం మొదటి నుంచి. ఈ ఆలోచన మొత్తం ఆరేడు వరసల సి కోడులో ఇమిడిపోతుంది:

```c
if (raw != last_raw) {
    last_raw = raw;
    changed_at = now;
} else if (raw != state && now - changed_at >= 5) {
    state = raw;
    send_key(state);
}
```

`raw` అంటే ఈ క్షణాన కాంటాక్టు దగ్గర కనబడుతున్నది. `state` అంటే ఇప్పటిదాకా మనం నమ్మినది. `now` మిల్లీసెకన్లలో నడిచే గడియారం. రెండూ వేరుగా ఉండి, ఆ వేరు 5 మిల్లీసెకన్లు నిలిస్తేనే నమ్మకం మారుతుంది. కొత్తగా రాసేవాళ్లు దీనికి బదులు మార్పు కనబడగానే ప్రోగ్రామునే 5 మిల్లీసెకన్లు నిలిపేస్తుంటారు. ఒక బటన్ ఉన్న బొమ్మకు అది చెల్లుతుంది. అరవై కీల కీబోర్డులో మాత్రం ఒక కీ కోసం ఆగిన ఆ 5 మిల్లీసెకన్లూ మిగతా 59 కీల వైపు చూసే కన్ను మూసుకుపోతుంది. పై కోడు ఎక్కడా ఆగదు. గస్తీ తిరుగుతూనే ఉంటుంది, సమయం మాత్రం రాసిపెట్టుకుంటుంది.

ఆ 5 ఎక్కడిది? ఇంటి కీబోర్డులకు ఎక్కువగా వాడే క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్ ముందుగా పెట్టి ఇచ్చే విలువ అది. చెర్రీ ఎంఎక్స్ బౌన్సు 5 మిల్లీసెకన్ల లోపేనని చెప్పుకునే లెక్కకూ అది సరిపోతుంది. `config.h` ఫైలులో ఇలా కనబడుతుంది:

```c
#define DEBOUNCE 5
```

ఇక్కడ క్యూఎంకే వాడేవారిలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. అందులో ముందుగా ఎంచి ఉండే పద్ధతి పేరు `sym_defer_g`. చివరనున్న `g` ముఖ్యం. కీబోర్డు మొత్తానికి ఒకటే గడియారం అని దాని అర్థం. ఏ కీ మారినా ఆ ఒక్క గడియారమే మళ్లీ మొదలవుతుంది. జ్ఞాపకశక్తి తక్కువున్న చిప్పులకు ఇది పొదుపైన పద్ధతే, మామూలుగా ఇబ్బందీ పెట్టదు. కానీ ఒక మూల స్విచ్చి చెడిపోయి ఆగకుండా కొట్టుకుంటుంటే, దాని అలజడి అణిగేదాకా మిగతా మంచి కీలు కూడా క్యూలో నిలబడాల్సిందే. కొన్ని కీలు ఉన్నట్టుండి బరువెక్కినట్టు అనిపిస్తే, చాలామంది అనుమానం ఆ కీల మీదికే పోతుంది. తప్పు చేస్తున్నది మరో మూలనున్న కీ. దీనికి మందు, `_pk` అని ముగిసే పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవడం. వాటిలో ప్రతి కీకీ వేరే గడియారం ఉంటుంది.

రెండో దారి, ముందు నమ్మి తర్వాత చెవులు మూసుకోవడం. కాంటాక్టు తగిలిన తొలి క్షణంలోనే కంప్యూటరుకు చెప్పేస్తారు. ఆపైన 5 మిల్లీసెకన్ల పాటు ఆ కీ ఏం చేసినా పట్టించుకోరు. క్యూఎంకేలో వీటి పేర్లలో `eager` అని ఉంటుంది. అక్షరం 5 మిల్లీసెకన్లు ముందు పడుతుంది. ఆటలాడేవాళ్లకు ఇది నచ్చుతుంది. అయితే ఈ నమ్మకానికి ధర ఉంది. బౌన్స్ నొక్కిన తర్వాతే వస్తుంది, నిజమే. కానీ అసలు నొక్కకుండానే తీగల్లో పుట్టే దుముకు ఒకటి ఉంటుంది. చేత్తో పొడవాటి తీగలు అల్లి చేసిన కీబోర్డుల్లో ఇది మరీ ఎక్కువ. ఏటిమెగా32యు4 తన కాళ్లను 20 నుంచి 50 కిలో ఓముల బలహీనమైన లోపలి రెసిస్టరుతో పైకి పట్టి ఉంచుతుంది. పక్కతీగ నుంచి, స్థిర విద్యుత్తు నుంచి వచ్చే చిన్న కుదుపు దాన్ని క్షణం పాటు కిందికి లాగగలదు. ఆగి నమ్మే పద్ధతి ఆ కుదుపును మింగేస్తుంది, ఎందుకంటే అది 5 మిల్లీసెకన్లు నిలవదు. ముందే నమ్మే పద్ధతి దాన్ని అక్షరంగా మార్చి పంపేస్తుంది. ఎవరూ తాకకుండా అక్షరాలు పడుతుంటే మొదట చూడాల్సింది ఇదే.

ఇప్పుడు కాలమైపోయిన కలం దగ్గరికి వెళ్దాం. ఆ కీబోర్డులో 5 మిల్లీసెకన్ల డిబౌన్స్ ఉంది. అయినా అక్షరం రెండుసార్లు ఎలా పడింది? ఊహాగానాలు అక్కర్లేదు, చూడటానికి సాధనం ఉంది. లినక్సులో `evtest` అనే ఆదేశం ప్రతి కీ ఘటననూ దాని సమయంతో సహా చూపిస్తుంది. ఇలాంటి కీ దగ్గర కనబడే వరసలు, సమయాన్ని మొదటి నొక్కు నుంచి లెక్కపెట్టి కుదిస్తే, ఇలా ఉంటాయి:

```
0.000  KEY_A  value 1
0.086  KEY_A  value 0
0.099  KEY_A  value 1
0.106  KEY_A  value 0
```

`value 1` అంటే నొక్కారు, `value 0` అంటే వదిలారు. వేలు 86 మిల్లీసెకన్లు కీ మీద ఉంది, టైపింగులో అది మామూలు వ్యవధి. వదిలిన 13 మిల్లీసెకన్లకు మళ్లీ నొక్కినట్టు, 7 మిల్లీసెకన్లకే వదిలినట్టు కనబడుతోంది. ఒకే వేలితో ఒకే కీని సెకనుకు పదిసార్లు కొట్టడమే గగనం. అంటే ఒక నొక్కు మొదలు నుంచి మరో నొక్కు మొదలుకు 100 మిల్లీసెకన్లు. వదిలాక 13 మిల్లీసెకన్లలో మళ్లీ నొక్కి, 7 మిల్లీసెకన్లలో తీసేయగల వేలు లేదు. ఇది స్విచ్చి పని. కీని పట్టి ఉంచితే కంప్యూటరు తనంతట తానే అక్షరాన్ని మళ్లీ మళ్లీ వేస్తుంది కదా అన్న అనుమానం వస్తే, దానికి గుర్తు వేరు. అది `value 2`గా కనబడుతుంది. మధ్యలో `value 0` ఉండదు.

ఈ నాలుగు వరసల్లో మరో సంగతి కూడా ఉంది. అల్లరి జరిగింది నొక్కేటప్పుడు కాదు, వదిలేటప్పుడు. బౌన్స్ అనగానే అందరి దృష్టీ నొక్కు మీదికే పోతుంది. వదిలేటప్పుడు ప్లాస్టిక్ కాలు రేకును నెడుతూ వెనక్కి వస్తుంది. మొనల మధ్య మురికో, రేకులో బిగువు తగ్గడమో ఉంటే, విడిపోయిన రేకు ఊగి మళ్లీ తగులుతుంది. పైగా ఆ 13 మిల్లీసెకన్ల విడుపూ, 7 మిల్లీసెకన్ల కలయికా రెండూ 5 కన్నా పెద్దవే. కాబట్టి 5 మిల్లీసెకన్లు ఆగే కోడు రెండింటినీ నిజమని నమ్మింది. కోడులో తప్పు లేదు, గడువు చాలలేదు.

గడువును 15 చేస్తే 13 మిల్లీసెకన్ల విడుపు అందులో మునిగిపోతుంది. అక్షరం ఒక్కసారే పడుతుంది. కానీ అన్ని కీలకూ, అన్ని నొక్కులకూ 15 మిల్లీసెకన్ల ఆలస్యం అంటుకుంటుంది. తేడా చిన్నదే అనిపించవచ్చు, ఆ ఆలస్యం పైన యూఎస్‌బీ ఆలస్యం, తెర ఆలస్యం కూడా పేరుకుంటాయి. ఇక్కడే మూడో పద్ధతి పనికొస్తుంది. నొక్కును వెంటనే నమ్మి, వదలడాన్ని మాత్రం ఆగి నమ్మడం. క్యూఎంకేలో `rules.mk` ఫైలులో ఒక్క వరస చాలు:

```
DEBOUNCE_TYPE = asym_eager_defer_pk
```

అక్షరం పడేది కీని నొక్కినప్పుడే కదా. వదిలిన కబురు 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా వెళ్లినా అక్షరానికి నష్టం లేదు. వదిలేటప్పటి చాటర్‌కు ఇంతకన్నా పొందికైన మందు లేదు.

అయితే అక్షరం వేయని కీలు కొన్నున్నాయి, షిఫ్టు అందులో మొదటిది. లేఖినిలో "రాణి" అని రాయాలంటే `raaNi` కొట్టాలి. షిఫ్టు పట్టి `N`, షిఫ్టు వదిలి `i`. చేయి తిరిగిన టైపిస్టు షిఫ్టు వదిలిన 10 మిల్లీసెకన్లకే `i` మీద పడవచ్చు. నొక్కును వెంటనే, వదలడాన్ని 15 మిల్లీసెకన్లు ఆగి చెప్పే పద్ధతిలో ఏమవుతుంది? `i` నొక్కిన కబురు 10వ మిల్లీసెకనుకు వెళ్తుంది. షిఫ్టు వదిలిన కబురు 15వ మిల్లీసెకనుకు. కంప్యూటరు దృష్టిలో షిఫ్టు ఇంకా పట్టే ఉంది. `I` పడుతుంది, రాణి కాస్తా "రాణీ" అవుతుంది. నొక్కునూ వదలడాన్నీ ఒకేలా ఆపే పాత పద్ధతిలో రెండు కబుర్లూ సమానంగా ఆలస్యమవుతాయి కాబట్టి వరస తప్పదు. అందుకే ఈ మూడో పద్ధతి వాడేవారు గడువును 10 దాటనివ్వకపోవడం మంచిది. 10తో అణగని చాటర్ ఉంటే అది ఫర్మ్‌వేర్ చేయాల్సిన వైద్యం కాదు.

ఎందుకంటే చాటర్ ఒకచోట ఆగేది కాదు. ఈ నెల 13 మిల్లీసెకన్ల విడుపు, వచ్చే నెల 25 కావచ్చు. మొనలకు బంగారు పూత వేసేదే తుప్పు పట్టకుండా ఉండటానికి. దాని మధ్యకు మరొకటి చేరితేనే గొడవ. ఇంట్లో కట్టిన కీబోర్డుల్లో అలా చేరేవి ముఖ్యంగా రెండు. ఒకటి, కీ మెత్తగా దిగాలని స్విచ్చిని విప్పి పూసే గ్రీజు. ప్లాస్టిక్ కాడకు, స్ప్రింగుకు పూయాల్సింది కాస్త ఎక్కువై రేకు మొనల మధ్యకు పాకితే, అది కరెంటును ఆపే పొర అవుతుంది. రెండోది, టంకం వేసేటప్పుడు కరిగి లోపలికి పీల్చుకున్న ఫ్లక్సు. రెండూ తొలిరోజున కనబడవు, కొన్ని వారాలకు బయటపడతాయి.

తప్పు స్విచ్చిదా, మరోచోటుదా అన్నది తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. స్విచ్చులు ఊడదీసి పెట్టగల సాకెట్లున్న కీబోర్డు అయితే, అనుమానమున్న స్విచ్చిని తరచుగా వాడే మరో కీ స్థానంలోకి మార్చి రెండు రోజులు వాడి చూడాలి. జబ్బు స్విచ్చితో పాటు వెళ్తే స్విచ్చిదే తప్పు. పాతచోటే ఉండిపోతే టంకం అతుకునో, డయోడునో, సాకెట్టులో వదులైన కాలునో వెతకాలి. వదులు అతుకు కూడా తెర మీద అచ్చం చాటర్‌లాగే కనబడుతుంది. ఎంత డిబౌన్స్ పెట్టినా నయం కాదు, ఎందుకంటే దాని విడుపులకు కొలత లేదు.

స్విచ్చిదే తప్పని తేలితే, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కాంటాక్టు మొనలను ఒకసారి శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి చూడవచ్చు. గ్రీజు వల్ల వచ్చినదైతే చాలాసార్లు పోతుంది. రేకు బిగువు తగ్గినదైతే పోదు, స్విచ్చి మార్చాల్సిందే. మార్చిన రోజునే `evtest` పెట్టి, ఆ కీని నెమ్మదిగా యాభైసార్లు, వేగంగా యాభైసార్లు నొక్కి వరసలు చూడండి. ఒక్క జంట కూడా 50 మిల్లీసెకన్ల లోపు దగ్గరపడకపోతే, పాత స్విచ్చి కోసం పెంచిన గడువును మళ్లీ 5కు దించేయండి.